సవరణ: లావుగా ఉన్న పిల్లలకు మందు మోతాదు

“బరువు ఎక్కువున్న పిల్లలకు ఏ మందైనా ఆదర్శ బరువు ప్రకారమే లెక్కించాలి” అని ముందు రాశాను.

ఇది తప్పు, పొరపాటు నాదే. పిల్లల మందుల మోతాదు పుస్తకాలు, ఫార్మసిస్టుల మార్గదర్శకాలు ఒక్కో మందుకు ఒక్కో బరువు చెబుతాయి.

8 ఏళ్ల బాబు ఎత్తు 128 సెం.మీ., బరువు 45 కిలోలు అనుకుందాం. ఆ వయసుకు మధ్యస్థ బీఎంఐ సుమారు 15.8. దాన్ని మీటర్లలో ఎత్తు వర్గంతో గుణిస్తే ఆదర్శ బరువు దాదాపు 26 కిలోలు. పారాసిటమాల్‌కు ఇదే వాడాలి. కిలోకు 15 మి.గ్రా. చొప్పున 390 మి.గ్రా. వస్తుంది. అసలు బరువుతో లెక్కిస్తే 675 అవుతుంది, రోజుకు నాలుగుసార్లు ఇస్తే కాలేయానికి ప్రమాదం.

జెంటామైసిన్ దగ్గరే నా మాట నిజంగా హాని చేయగలదు. ఇది శరీరంలోని నీటిలో వ్యాపిస్తుంది. కొవ్వు కణజాలంలోనూ కొంత నీరుంటుంది కాబట్టి, అదనపు 19 కిలోల్లో 40 శాతం కలిపి సుమారు 33.6 కిలోలకు లెక్కిస్తారు. 26కే ఇస్తే ఇన్ఫెక్షన్‌కు మోతాదు చాలకపోవచ్చు. తర్వాతి మోతాదులను రక్తంలో మందు స్థాయి చూసి మారుస్తారు.

మత్తు ఇచ్చేటప్పుడు వాడే సక్సామెథోనియంకు మాత్రం అసలు బరువే, అంటే 45.