కళ్లు పేజీ మీద ఉంటే చదువుతున్నట్టేనా?

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల దగ్గర నీట్ పిల్లలు అమ్మేసిన బయాలజీ పుస్తకం ఏదైనా తీసి చూడండి. పాఠంలో మొదటి మూడు నాలుగు పేజీల్లో ప్రతి లైనూ హైలైటర్‌తో నిండిపోయి ఉంటుంది, అక్కడి నుంచి గీతలు పలచబడి, చివరి పేజీలకు వచ్చేసరికి కాగితం తెల్లగా ఉంటుంది. పిల్లలకు శ్రద్ధ లేక కాదు, మొదటి లైన్ నుంచి వరసగా చదువుకుంటూ పొమ్మని మనమే నేర్పాం. ఆ వరసలో వెళ్తుంటే ఏ వాక్యం ముఖ్యమో, ఏది దాటేయొచ్చో తెలిసే దారి ఉండదు, అందుకని అన్నీ గీస్తారు.

దీనికి వేరే పద్ధతి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1946లోనే చెప్పాడు: ముందు పాఠమంతా పైపైన చూడాలి, ప్రశ్నలు వేసుకోవాలి, వాటి కోసం చదవాలి, పుస్తకం మూసి చెప్పుకోవాలి, తర్వాత సరిచూసుకోవాలి. మన దగ్గర ఎవరైనా ఈ పద్ధతి పట్టుకున్నా ప్రశ్న దగ్గరే తేలిపోతున్నారు. నా ఉద్దేశంలో మిగతా పనులన్నీ ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉన్నాయి.

ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి కిరణజన్య సంయోగక్రియ పాఠమే తీసుకుందాం. పది నిమిషాలు శీర్షికలు, బొమ్మలు, చివర్లో ఉన్న సారాంశం మాత్రం చూడండి. మొక్కజొన్న లాంటి మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను పోగేసుకునే సి4 మార్గం ముందు వస్తుంది, ఆక్సిజన్ అడ్డుపడి చక్కెర తయారీ దెబ్బతినే కాంతి శ్వాసక్రియ దాని తర్వాత వస్తుంది. అంటే పుస్తకం పరిష్కారం ముందు చెప్పి, అసలు సమస్యేమిటో తర్వాత వివరంగా చెబుతోంది! లైన్ తర్వాత లైన్ చదివే పిల్లవాడు సి4 పేజీలో మీసోఫిల్ కణాలు, బండిల్ షీత్ కణాలు అని పేర్లు బట్టీ పడతాడు కానీ మొక్కకు ఇంత తతంగం ఎందుకో వాడికి అంతుపట్టదు.

ముందే తిరగేసినవాడికి ఇక్కడ ప్రశ్న పుడుతుంది. 'సి4 మార్గం అంటే ఏమిటి' అని రాసుకుంటే లాభం లేదు, దానికి జవాబుగా నిర్వచనం ఎత్తి రాసేస్తారు. ఒక గ్లూకోజ్ తయారీకి మామూలు మొక్కకు కాల్విన్ చక్రంలో కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు 18 సరిపోతుంటే సి4 మొక్క 30 దాకా ఎందుకు ఖర్చు పెడుతోంది? గుంటూరు, కృష్ణా పొలాల్లో వరి కోశాక వేసే మొక్కజొన్న సి4 మొక్క, వరి కాదు, మరి ఎండ ముదిరినప్పుడు ఆ తేడా ఏం చేస్తుంది? ఇలా అడగాలి. అప్పుడు చదివే ప్రతి పేరాకూ ఒక పని ఉంటుంది.

చదివాక పుస్తకం మూసి నాలుగు వాక్యాల్లో చెప్పాలి. 'రుబిస్కో ఎంజైము కార్బన్ డయాక్సైడ్‌నే కాదు, ఆక్సిజన్‌నూ పట్టుకుంటుంది. ఆక్సిజన్‌ను పట్టుకుంటే చక్కెర రాకపోగా ఏటీపీ వృథా అయి, కొంత కార్బన్ బయటికి పోతుంది, వేడి పెరిగితే ఈ నష్టం ఇంకా ఎక్కువ. సి4 మొక్క కార్బన్ డయాక్సైడ్‌ను బండిల్ షీత్ కణాల్లో పోగేసి, అక్కడున్న రుబిస్కోకు ఆక్సిజన్ దొరికే అవకాశం తగ్గిస్తుంది. అదనపు ఏటీపీ ఆ పోగేయడానికే.' ఇంతే. 'అందుకని', 'కాబట్టి' లాంటి లంకె ఎక్కడ తెగిందో అక్కడికి మాత్రం వెనక్కి వెళ్లి చదివితే చాలు. పుస్తకం తెరిచి పెట్టుకుని రాస్తే అది సారాంశం కాదు, ఎత్తిరాత. మీ వాక్యాలు పుస్తకం మాటలతోనే ఉన్నాయంటే అదే జరిగిందని గుర్తు.

మూసి చెప్పుకోవడం మీద 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది. అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత పెడితే చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్లు ముందుకొచ్చారు. రాత్రి చదివి పొద్దున స్లిప్ టెస్ట్ రాసే పిల్లలకు పాత పద్ధతే పనిచేస్తున్నట్టు కనిపించడానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను. పైగా రెసిడెన్షియల్ కాలేజీ స్టడీ అవర్‌లో పుస్తకం మూసి పైకి చూస్తూ ఆలోచించే పిల్లను 'ఏంటమ్మా, ఖాళీగా కూర్చున్నావ్' అని గదమాయిస్తారు. అసలు చదువు జరుగుతున్నది అప్పుడే!

ఇది అన్నిచోట్లా ఒకేలా పనికిరాదు. ఫిజిక్స్ డెరివేషన్‌కు సారాంశం చెప్పి లాభం లేదు, పుస్తకం చూడకుండా పెన్నుతో మొదటి నుంచి చేయాలి. సగం పదాలు తెలియని పాఠంలో ప్రశ్నలే పుట్టవు, ముందు కింది తరగతి పుస్తకం తీయాలి. నీట్‌లో పుస్తకంలోని చిన్న వాక్యం మీదా ప్రశ్న వస్తుంది కాబట్టి లైన్ టు లైన్ చదవడం తప్పదు. కానీ దాన్ని చివర్లో పెట్టుకోవాలి, నాలుగు వాక్యాలు తడుముకోకుండా చెప్పగలిగాక.