సవరణ: గుంటగలగరాకు నూనెకు ఎండా, సన్నసెగా?

"పచ్చాకు నువ్వుల నూనెలో వేసి ఎండలో పెట్టాను. వారానికే మసకబారి, పైన బూజు తేలింది. ఎండ పద్ధతి మంచిదన్నారు కదా?" (శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు)

ఎండ పద్ధతి మంచిదని నేను ఇదివరకు రాసిన మాట బాగా ఎండిన ఆకుకే వర్తిస్తుందని చేర్చుకుని చదవండి. పచ్చాకులోని నీరు పగలు ఆవిరై మూతకు పడుతుంది, రాత్రి చల్లబడి మళ్లీ సీసాలోకే కారుతుంది. పైగా వెలుతురు తగిలితే నూనె త్వరగా పాడై కంపుకొడుతుంది. మన తీరపు తేమలో నేను సన్నసెగకే ఓటేస్తాను.

నీడన ఆరి, నలిపితే పొడయ్యే ఆకు 20 గ్రాములు, నూనె 200 మిల్లీలీటర్లు తీసుకోండి. రెండూ ఒక గిన్నెలో వేసి, దాన్ని వేడినీళ్ల గిన్నెలో రెండు మూడు గంటలు ఉంచండి. నూనె 60 డిగ్రీలు దాటకూడదు, నీటిబొట్టు పడకూడదు. ఈ సెగకు క్రిములన్నీ చావవు, తడి లేకపోవడమే రక్షణ. అందుకే ఇది తలకు రాయడానికే. మీ సీసాలోది పారబోయండి, వడగట్టి వాడొద్దు.