చార్టు చదివితే చూపు ఉన్నట్టేనా?

బ్రెయిన్ స్ట్రోక్ వచ్చిన మనిషి లేచి నడిస్తే చాలు, ‘ఇక ఇంటికి తీసుకెళ్లండి’ అంటున్నారు. సగం చూపు పోయిందేమో చూసే ఓపిక చాలాచోట్ల లేదు. చిత్తూరు బెల్లం వ్యాపారి ఒకరిని అలాగే పంపేశారు.

మెదడు వెనుక భాగంలో కుడివైపు రక్తనాళం పూడుకుపోయి, ఆయనకు రెండు కళ్లలోనూ ఎడమ సగం కనబడకుండా పోయింది. ఎడమ కన్నే చెడిందనుకుని అద్దాలు మార్పించారు. అక్షరాల చార్టు తడుముకుంటూనైనా చివరిదాకా చదివారు కాబట్టి అక్కడా ఎవరికీ అనుమానం రాలేదు. మండీలో 1,450 రూపాయల బిల్లు ఆయనకు 450గా కనబడేది. ఇంట్లోవాళ్లు మతిమరుపనుకున్నారు. చివరికి తిరుపతి గాంధీ రోడ్డు దాటుతుంటే ఎడమ నుంచి వచ్చిన బైకు గుద్దేసింది. అప్పుడుగానీ అసలు సంగతి బయటపడలేదు.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. రోగికి ఎదురుగా కూర్చుని, ఒక కన్ను మూయించి, డాక్టరు ముక్కునే చూడమని చెప్పి, పైనా కిందా ఇరుపక్కలా వేళ్లు కదిలిస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ రెండు నిమిషాలు ఎందుకు కేటాయించలేదు?

వార్డుల్లో రద్దీ ఎక్కువ, ముందు ప్రాణం నిలపాలి అనే వైద్యుల మాట కాదనలేం. కానీ ‘పోయిన చూపు ఎలాగూ రాదు, తెలిసి ఏం లాభం’ అనడం ఒప్పుకోం. తనంతట తాను కొంత చూపు తిరిగొస్తే అది ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. ఆ తర్వాత శిక్షణే దిక్కు. శిక్షణ పోయిన సగాన్ని తెచ్చివ్వదు, మిగిలిన సగంతో నెట్టుకురావడం నేర్పుతుంది. కనబడని వైపుకు ముందు కళ్లను బాగా దూరంగా, ఒక్క ఊపులో తిప్పాలి, ఆపైన తల తిప్పాలి. గోడమీద అంటించిన అంకెలను వెతకడంతో మొదలుపెట్టి, వారాల తరబడి రోజూ సాధన చేయిస్తే అది అలవాటవుతుంది. ఆ వ్యాపారి ఇప్పుడు బిల్లు పుస్తకంలో ఎడమ అంచున ఎర్ర రిబ్బను పెట్టుకుంటున్నారు. రిబ్బను కంటపడేదాకా చూపు వెనక్కి జరిపి, అప్పుడే అంకె చదువుతారు. వెయ్యి మళ్లీ తప్పిపోలేదు.

అందరికీ ఇది ఇంత తేలిగ్గా రాదు. ఎడమవైపంటూ ఒకటుందన్న ధ్యాసే పోయినవారికి చాలా కష్టం. అది కూడా పరీక్షిస్తేనే కదా తెలిసేది!

పరీక్షించకుండా పంపితే రోగి మర్నాడే స్కూటర్ తీస్తాడు. గుద్దుకున్నాక తప్పు అతడిదే అంటారు. జిల్లా వైద్యాధికారులు ఏం చేస్తున్నట్టు? స్ట్రోక్ రోగి డిశ్చార్జి కాగితంలో బీపీకి, షుగరుకు గడులున్నాయి. పక్కచూపుకూ ఒక గడి పెట్టండి. అది నింపకుండా సంతకం చేసిన డాక్టరును సంజాయిషీ అడగండి.