ట్రిప్ అవుతోందని ఎంసీబీ పెద్దది వేసే మహానుభావులకు

కొంచెం కోపంగానే రాస్తున్నా, ఏమనుకోవద్దు. కడపలో మా నాయన కట్టిన ఇల్లు, 2009 నాటిది. పోయిన మేలో సెలవు పెట్టి ఇంటికి పోతే పైన బెడ్‌రూంలో కాలిన ప్లాస్టిక్ వాసన. ఏసీ సాకెట్ విప్పితే వెనక వైరు తొడుగు కరిగి పైపు అంచుకు అతుక్కుపోయి ఉంది. లోపలి రాగి నల్లబడింది. ఇంట్లోని లైన్లన్నిటికీ కరెంటు పంచే డబ్బా, అదే డీబీ, మూత తీసి చూస్తే ఆ లైనుకు సి 32 ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తనే పడిపోయి లైను తెంచే స్విచ్చు, 32 ఆంపులది. నేను పన్నెండేళ్ళుగా ఫ్యాక్టరీలో ప్యానెళ్ళ మెయింటెనెన్స్ చేస్తున్నా, మా ఇంటి డీబీ మూత మాత్రం ఎన్నడూ తీయలేదు. ముందు నన్ను నేనే తిట్టుకున్నా.

"ఇది 16 కదా నాయనా ఉండాల్సింది, ఎవరు మార్చినారు?" అంటే, "రాత్రుళ్ళు పడిపోతాండె. కరెంటు పనాయప్ప వచ్చి పెద్దది వేసిపోయినాడు. అప్పట్నుంచి ఒక్కసారి కూడా పడలా" అన్నాడు సంతోషంగా.

పడలేదు. నిజమే. ఇల్లు అంటుకునే దాకా కూడా పడేది కాదు.

ఎంసీబీ ఉండేది ఏసీని కాపాడటానికి కాదు, గోడలో పూడ్చిన వైరును కాపాడటానికి. ఈ ఒక్క ముక్క బుర్రలోకి ఎక్కితే మిగతా లెక్కంతా దానంతట అదే వస్తుంది. ముందు వైరు ఎంత మోయగలదో చూడాలి, తర్వాత దానికంటే తక్కువ ఎంసీబీ వేయాలి, ఆ ఎంసీబీలో ఇమిడేంత లోడు మాత్రమే దాని మీద పెట్టాలి. మనోళ్ళు దీన్ని తలకిందులుగా చేస్తారు. లోడు పెరిగిందా, ఎంసీబీ పెంచు. వైరు సంగతి ఎవడిక్కావాలి, అది గోడలో ఉంది, కనపడదు.

మా ఇంట్లో ఏం జరిగిందో లెక్కేసి చెప్తా. పై అంతస్తుకు మొదట లాగింది ఒకటిన్నర ఎం.ఎం. వైరు. అప్పట్లో అక్కడ ఉండేవి ఒక టేబుల్ ఫ్యాను, ఇస్త్రీ పెట్టె. తర్వాత రెండు బెడ్‌రూములకీ ఒకటిన్నర టన్ను ఏసీలు వచ్చి అదే లైను మీద కూర్చున్నాయి. ఒక్కో ఏసీ మామూలుగా 8 ఆంపులు లాగుతుంది. రాత్రి అందరూ ఏసీలు వేసినప్పుడు మా వీధిలో వోల్టేజీ 190కి దిగుతుంది, స్టెబిలైజర్ దాన్ని 220కి లేపుతుంది. చాలామందికి తట్టనిది ఇక్కడే: స్టెబిలైజర్ వోల్టేజీని ఊరికే పెంచదు, ఆ మేరకు లైన్లోంచి ఎక్కువ కరెంటు లాగి పెంచుతుంది. 8 ఆంపులు కాస్తా 9.3 దాకా పోతుంది. రెండు ఏసీలకూ కలిపి 18.5. టాంగ్ టెస్టర్ పెట్టి చూశా, అటూ ఇటుగా అంతే చూపించింది.

ఇక ఒకటిన్నర ఎం.ఎం. ఎంత మోస్తుంది? గోడ పైపులో వేసిన మామూలు పీవీసీ వైరుకు 30 డిగ్రీల వేడి దగ్గర పదిహేడున్నర ఆంపులు. వైరు కేటలాగుల్లో కనపడే అంకె ఇలాంటిదే, కానీ మే నెల కడపలో 30 డిగ్రీలు ఎక్కడున్నాయి సామీ? మా పైపులు పోయేది మిద్దె స్లాబులో. పగలంతా ఎండకు కాలిన స్లాబు రాత్రి పదికి కూడా చెయ్యి పెట్టనివ్వదు. చుట్టూ 50 డిగ్రీలు ఉందనుకుంటే ఆ వైరు మోసేది 0.71 వంతు మాత్రమే, అంటే 12 ఆంపులు చిల్లర. దాంట్లో 18.5 పోతోంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అది తట్టుకోగలిగిన దానికి రెండింతలు పైనే వేడి. ఇది ఒక నిమిషం కాదు, రాత్రంతా.

పాత 16 ఎంసీబీ పడిపోతున్నది అందుకే. దానికి రోగం లేదు, దాని పని అది చేస్తోంది. అది కూడా తీరిగ్గానే చేస్తోంది. ఎంసీబీ తన రేటింగ్‌కు 1.13 రెట్ల కరెంటు దాకా గంటసేపు ఓర్చుకుంటుంది, 1.45 రెట్లు అయితే గంటలోపు పడాలి. ఆ లెక్క కూడా 30 డిగ్రీల దగ్గరే. వేడి డబ్బాలో పక్కపక్కన ఇరుక్కున్న 16 ఎంసీబీ 14కి కాస్త పైన ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అందుకే ఏసీలు వేసిన అరగంటకో ముప్పావు గంటకో పడేది. దాన్ని తీసి 32 వేస్తే? 36 ఆంపుల దాకా గంటసేపు కదలదు. పన్నెండు ఆంపుల వైరుకు ముప్పై ఆరు ఆంపుల కాపలాదారు. భేష్.

ఎంసీబీ ఎప్పుడు పడుతోందో గమనిస్తే సగం సంగతి అదే చెప్పేస్తుంది. స్విచ్ వేయగానే టక్కున పడితే షార్ట్, లేదా మోటరు స్టార్టింగ్ కరెంటు దెబ్బ. అరగంట నడిచి పడితే ఓవర్‌లోడు, లేదా స్క్రూ లూజై అక్కడ వేడెక్కుతోంది. మొదటి రకం దెబ్బకే బి, సి అని రెండు రకాలు. బి రకం రేటింగ్‌కు 3 నుంచి 5 రెట్ల కరెంటు వస్తే వెంటనే పడుతుంది, సి రకం 5 నుంచి 10 రెట్లకు. కంప్రెసర్, బోరు మోటరు ఉన్న లైన్లకు సి వేస్తే స్టార్టింగ్‌లో ఊరికే పడదు. అంతే తప్ప ఆంపులు పెంచడం దానికి మందు కాదు.

సరే, కొత్తగా ఏం చేశామంటే, రెండు ఏసీలకూ డీబీ నుంచి విడివిడిగా లైన్లు లాగాం. ఫేజు వేరు, న్యూట్రల్ వేరు, ఎర్త్ వేరు. నాయన "రెండున్నర ఎం.ఎం. చాల్దా? రేట్లు చూసినావా?" అన్నాడు. ఆయనదీ తప్పు కాదు. రెండున్నర 30 డిగ్రీల్లో 24 మోస్తుంది, స్లాబు వేడిలో 17. ఒక్క ఏసీకి 16 ఎంసీబీతో సరిగ్గా సరిపోతుంది. కానీ మాకు పైకి పోయే పైపు ఒక్కటే, రెండు లైన్లూ దాంట్లోనే పోవాలి, అప్పుడు ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి ఇంకో 0.8 వంతుకు తగ్గుతుంది. 17 కాస్తా 13.6 అవుతుంది. 16 ఎంసీబీ కింద అది పనికిరాదు. నాలుగు ఎం.ఎం. అయితే అదే లెక్కలో 18 వస్తుంది. అందుకని నాలుగు లాగి, సి 16 పెట్టాం. "నాలుగు ఎం.ఎం. వేసినాం కదా, 32 పెట్టేయొచ్చు కదన్నా" అన్నాడు మాతో వచ్చిన పిల్లోడు. లెక్క మళ్ళీ చెప్పా. లైట్లు ఫ్యాన్లకు ఒకటిన్నర మీద 10 ఎంసీబీ, వంటింటికి, గీజరుకు రెండున్నర మీద 16, వేర్వేరుగా. గీజరు రెండు కిలోవాట్లది, తొమ్మిది ఆంపులు కూడా లాగదు. ఎండాకాలం దాని అవసరమే లేదనుకోండి, ట్యాంకు నీళ్ళే ఉడుకుతుంటాయి.

ఇంతకంటే పెద్ద దొంగతనం అదే డీబీలో ఇంకోటి బయటపడింది. ఎడమ పక్కన ఈఎల్‌సీబీ ఉంది, లివరు పైకే ఉంది, చూడ్డానికి ముద్దుగా. టెస్ట్ బటన్ నొక్కితే చప్పుడు లేదు. విప్పితే దానికి వైర్లే లేవు! మెయిన్ నుంచి నేరుగా ఎంసీబీలకు కరెంటు పంచే రాగి పట్టీకి, అదే బస్‌బార్‌కు కలిపేసి, దాన్ని అలంకారానికి వదిలేశాడు. షాపులో ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే అడుగుతాం, ఇచ్చేది ఆర్‌సీసీబీ. అది చేసేది ఒకటే పని: ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్లో అంతా తిరిగి వచ్చిందా లేదా చూడటం. 30 మిల్లీ ఆంపులు తక్కువైతే, అవి ఎవరి ఒంట్లోంచో నేలకు పోతున్నాయని లైను తెంచేస్తుంది. ఓవర్‌లోడు, షార్ట్ దానికి పట్టవు, వాటికి ఎంసీబీ ఉండాల్సిందే.

అమ్మను అడిగితే "వాషింగ్ మిషన్ ముట్టుకుంటే జుమ్మంటాందిరా, చెప్పులేసుకుని బట్టలు తీస్తాండా" అంది. ఎన్నాళ్ళుగా? "రెండేండ్లు." నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

ఎర్త్ ఉంది కదా, బాడీకి కరెంటు వస్తే ఎంసీబీ పడాలి కదా అంటారు. పడదు. మా దగ్గర రెండడుగులు తవ్వితే బండ. ఎర్త్ గుంతలో నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో. మీటరు పెట్టి కొలిస్తే 38 ఓములు. మిషన్‌లో ఫేజు నేరుగా బాడీకి తగిలినా 230ని 38తో భాగిస్తే పోయే కరెంటు 6 ఆంపులు. 16 ఎంసీబీ దాన్ని మామూలు లోడు అనుకుని హాయిగా నిలబడుతుంది, బాడీ మీద వోల్టేజీ అలాగే ఉంటుంది. అదే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీకి 6 ఆంపులంటే రెండొందల రెట్లు, కన్ను మూసి తెరిచేలోపు తెంచేస్తుంది. మంచి నల్లరేగడి ఉన్నోళ్ళ సంగతి వేరేమో గానీ, మన బండల నేలకు ఆర్‌సీసీబీ లేకుండా ఎర్త్‌ను నమ్ముకోవద్దు.

మరి దాన్ని ఎందుకు తీసేశాడు? "ఊరికే పడిపోతాంది" అని. కొత్తది పెట్టినప్పుడు మాకూ పడింది. పైకీ కిందికీ చెరొకటి వేశాం, 40 ఆంపులవి, మెయిన్ 32 కాబట్టి. మెట్ల లైటు వేస్తే చాలు రెండూ ఢమాల్. చూస్తే ఆ లైటుకు ఫేజు కింది లైన్లోంచి, న్యూట్రల్ పై లైన్లోంచి తీసుకున్నారు, ఎప్పుడో వైరు మిగల్చడానికి. పోయిన కరెంటు దీంట్లో, తిరిగొచ్చేది దాంట్లో. రెండూ లీకేజీ అనుకున్నాయి, అనుకోవాల్సిందే. బ్యాటరీ ఇన్వర్టర్ పెట్టిన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది కూడా ఈ న్యూట్రల్ కలిసిపోవడమే. ఒక పూట కూర్చుని న్యూట్రళ్ళు విడదీస్తే పోయే తంటా. వాషింగ్ మిషన్ మాత్రం నిజంగానే లీకేజీ, ప్లగ్గు పెట్టి ఆన్ చేయగానే కింది ఆర్‌సీసీబీ పడింది. హీటర్ కాయిల్ మార్చాక పడలేదు.

అప్పట్నుంచి నెలకోసారి నాయన టెస్ట్ బటన్ నొక్కి నాకు ఫోన్ చేస్తాడు, "పడిందిరా" అని. ఆ బటన్ చెప్పేది లోపలి మెకానిజం బాగుందని మాత్రమే, ఎర్త్ సంగతి దానికి తెలియదు. అందుకే గుంతలో నీళ్ళు పోసినావా అని కూడా అడుగుతుంటా.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, నిన్న రాత్రి మా పక్కింటి మామ ఫోన్. "అల్లుడూ, ఏసీ లైను పడిపోతాంది, పొద్దున ఆయప్ప 25 తెచ్చి వేస్తానంటున్నాడు, వేయించొచ్చునా?" మెయిన్ ఆపి సాకెట్ విప్పించి వైరు ఫోటో పంపమన్నా. తొడుగు మీద 1.5 అని అచ్చు, స్క్రూ దగ్గర గోధుమ రంగు తిరిగి ఉంది. "మామా, ఆయప్పకు ఫోన్ చేసి ఎంసీబీ వద్దను, నాలుగు ఎం.ఎం. వైరు కాయిల్ తెమ్మను. ఈ రాత్రికి మాత్రం ఒక్క ఏసీయే వేసుకోండి, అందరూ ఆ రూములోనే పడుకోండి" అన్నా.