రొయ్యల నీళ్ళలో 0.19: ఆ అంకెను ఎలా చదవాలి

విశాఖ ఫిషింగ్ హార్బర్ వైపు తిరిగినవాళ్ళకి రొయ్యలు కడిగిన నీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దున బకెట్లో పట్టి ఎండలో పెడితే సాయంత్రానికి దగ్గర నిలబడలేం. ఆ కంపు వచ్చిందంటే బ్యాక్టీరియా తిండి మొదలుపెట్టిందని అర్థం. కరిగిన మాంసకృత్తులు, రొయ్య రసం, కొవ్వు దానికి ఇష్టమైన మేత.

అలాంటి నీళ్ళ మీద ఇచ్చిన ఒక ల్యాబ్ రిపోర్టు కొన్నేళ్ళ కిందట నా చేతికి వచ్చింది. లెక్క తేలికగా ఉండటానికి అంకెల్ని కొంచెం సరిచేసి చెబుతున్నాను. రసాయనంతో కొలిచిన ఆక్సిజన్ అవసరం, అంటే సీఓడీ, లీటరుకు 2,400 మిల్లీగ్రాములు. బ్యాక్టీరియాతో కొలిచినది, అంటే బీఓడీ, 460. బీఓడీని సీఓడీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.19. కింద ఒక్క వాక్యం: జీవ పద్ధతిలో శుద్ధికి అనుకూలం కాదు. అంటే బ్యాక్టీరియాతో ఈ నీళ్ళు శుద్ధి కావని. ఆ వాక్యాన్ని నమ్మి యూనిట్ యజమాని రసాయనాలతో శుద్ధి చేసే ప్లాంటుకు కొటేషన్లు తెప్పిస్తున్నారు. ముక్కు ఒకటి చెబుతోంది, కాగితం ఇంకొకటి చెబుతోంది. నేను ముక్కునే నమ్మాను. ఎందుకు నమ్మానో చెప్పాలంటే ముందు ఈ రెండు పరీక్షలు ఎలా చేస్తారో చెప్పాలి.

నీళ్ళలోని సేంద్రియ పదార్థం ఎంత ఆక్సిజన్ అడుగుతుందన్నదే రెండు పరీక్షలూ అడిగే ప్రశ్న. జవాబు చెప్పేవాళ్ళు వేరు. సీఓడీలో జవాబు చెప్పేది రసాయనం. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పొటాషియం డైక్రోమేట్ కలిపి, సిల్వర్ సల్ఫేట్ సాయంతో, 150 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉడికిస్తారు. ఆ వేడికి, ఆ ఆమ్లానికి తట్టుకునేవి తక్కువ. ఎంత డైక్రోమేట్ ఖర్చయిందో చూసి దాన్ని ఆక్సిజన్ లెక్కలోకి మారుస్తారు. బీఓడీలో జవాబు చెప్పేది బ్రతికున్న బ్యాక్టీరియా. శాంపిల్‌ని బాగా పలచన చేసి, బ్యాక్టీరియా కోసం సీడ్‌గా కొంచెం మురుగునీరు కలిపి, 300 మిల్లీలీటర్ల బాటిల్లో గాలి బుడగ లేకుండా మూతపెట్టి చీకట్లో ఉంచుతారు. పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో ఇది 20 డిగ్రీల దగ్గర 5 రోజులు. మన వాతావరణానికి తగ్గట్టు ఇక్కడ 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. మొదట ఎంత ఆక్సిజన్ కరిగి ఉంది, చివరికి ఎంత మిగిలింది, ఆ తేడాయే బ్యాక్టీరియా తిన్న తిండికి గుర్తు.

కాబట్టి బీఓడీని సీఓడీతో భాగిస్తే, కాలిపోగల మొత్తంలో బ్యాక్టీరియా ఆ కొద్ది రోజుల్లో తినగలిగింది ఎంతో తెలుస్తుంది. 0.5 దాటితే జీవ పద్ధతిలో సులభంగా శుద్ధవుతుందని, 0.3 కంటే తక్కువైతే ఇబ్బందని వాడుకలో ఉన్న కొలమానం. ఈ అంకె 1 దాకా ఎందుకు వెళ్ళదని చాలామంది అడుగుతారు. ల్యాబ్‌లో బీఓడీ పరీక్షని సరిచూసుకోవడానికి గ్లూకోజ్, గ్లుటామిక్ ఆమ్లం లీటరుకు 150 మిల్లీగ్రాముల చొప్పున కలిపిన ద్రావణం వాడతారు. దానికి లెక్క ప్రకారం కావాల్సిన ఆక్సిజన్ 307 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. 5 రోజుల బీఓడీ మాత్రం 198కి అటూ ఇటూ వస్తుంది. అంటే చక్కెర లాంటి తిండి పెట్టినా నిష్పత్తి 0.65 దగ్గరే ఆగుతుంది. తిన్నదాంట్లో కొంత బ్యాక్టీరియా ఒంటికి పడుతుంది, ఇంకొంత ఆ గడువులోపు పూర్తవదు.

ఇక ఆ 0.19 దగ్గరికి వద్దాం. నిష్పత్తి తగ్గడానికి పైనున్న అంకె తగ్గినా చాలు, కిందున్న అంకె పెరిగినా చాలు. ఇక్కడ రెండూ జరిగాయి.

ముందు సీఓడీ సంగతి. రొయ్యల యూనిట్‌లో ఉప్పు ఉంటుంది. డైక్రోమేట్‌కి సేంద్రియ పదార్థం ఏదో, ఉప్పులోని క్లోరైడ్ ఏదో తెలియదు. అది క్లోరైడ్‌ని కూడా ఆక్సీకరణం చేసి, ఖర్చైన డైక్రోమేట్ అంతా కాలుష్యం ఖాతాలో రాసేస్తుంది. ఒక గ్రాము క్లోరైడ్ పూర్తిగా ఆక్సీకరణం అయితే 226 మిల్లీగ్రాముల దొంగ సీఓడీ పుడుతుంది. దీన్ని ఆపడానికే మెర్క్యురిక్ సల్ఫేట్ వేసి క్లోరైడ్‌ని కట్టేస్తారు. మామూలుగా వేసే మోతాదు లీటరుకు 2,000 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాకానే పనిచేస్తుంది. మా శాంపిల్లో 4,000 ఉంది. అంటే సగం క్లోరైడ్ విడిగానే ఉండిపోయింది. దాని వల్ల దాదాపు 450 వరకు దొంగ సీఓడీ చేరవచ్చు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. సిల్వర్ సల్ఫేట్ ఉన్న ఆమ్లం పోయగానే ట్యూబులో పాలలాంటి తెల్లని అవక్షేపం పడితే, కట్టుబడని క్లోరైడ్ ఉన్నట్టే. అది సిల్వర్ క్లోరైడ్. ఇంకా గట్టిగా తేల్చాలంటే శాంపిల్‌ని నాలుగింతలు పలచన చేసి మళ్ళీ పరీక్షించాలి. అలా చేస్తే క్లోరైడ్ 1,000కి దిగుతుంది, మెర్క్యురిక్ సల్ఫేట్ దాన్నంతా కట్టేస్తుంది. మాకు 490 వచ్చింది. నాలుగుతో గుణిస్తే 1,960. ముందు రిపోర్టులోని 2,400లో మిగతా 440 ఉప్పు చేసిన పని.

బీఓడీ కథ ఇంకా ఆసక్తికరం. బీఓడీని ఒక్క బాటిల్‌తో తేల్చరు. ఒకే శాంపిల్‌ని వేర్వేరు పలచన స్థాయిల్లో పెడతారు. అన్నీ సరిగా ఉంటే ప్రతి బాటిల్ నుంచి లెక్కగట్టిన బీఓడీ దాదాపు ఒకటే రావాలి. రిపోర్టులో ఒక్క అంకే ఉంది, అందుకే వర్క్‌షీట్ అడిగాను. 6 మిల్లీలీటర్ల శాంపిల్ పోసిన బాటిల్లో ఆక్సిజన్ లీటరుకు 4.8 మిల్లీగ్రాములు తగ్గింది. 300లో 6 అంటే 50 రెట్లు పలచన, దాని ప్రకారం బీఓడీ 240. 3 మిల్లీలీటర్లు పోసినదాంట్లో 4.6 తగ్గింది, అంటే 460. ల్యాబ్ ఈ అంకెనే రిపోర్టులో రాసింది. 1.5 మిల్లీలీటర్ల బాటిల్లో 4.5 తగ్గింది, అంటే 900. తర్వాత మేమే 0.75 మిల్లీలీటర్లతో ఇంకో బాటిల్ పెట్టించాం. 2.6 తగ్గింది, అంటే 1,040.

శాంపిల్ సగం చేసిన ప్రతిసారీ తిండి సగమవ్వాలి, ఆక్సిజన్ ఖర్చు కూడా సగమవ్వాలి. మొదటి మూడు బాటిళ్ళలో ఖర్చు దాదాపు కదల్లేదు. పలచన చేసేకొద్దీ బీఓడీ పెరిగింది, చివర్లో వెయ్యి దగ్గర నిలబడింది. బాటిల్లో బ్యాక్టీరియాని చంపేదో, మగతలో ఉంచేదో ఏదో ఉంటేనే ఇలా జరుగుతుంది. విషం పలచబడేకొద్దీ బ్యాక్టీరియా తేరుకుని తింటోంది. తిండి లేక కాదు, తినే స్థితి లేక బీఓడీ తగ్గింది.

విషం ఏమిటి? ముందు అందరికీ క్లోరిన్ మీదే అనుమానం వస్తుంది. దానికోసం ల్యాబ్ సోడియం సల్ఫైట్ వేసి క్లోరిన్‌ని తీసేసింది, అది సరైన పనే. షిఫ్టు అయ్యాక నేల, బల్లలు కడగడానికి ఆ యూనిట్‌లో క్వాట్ అనే రకం శానిటైజర్ కూడా వాడుతున్నారు. సల్ఫైట్‌కి అది లొంగదు. శాంపిల్ పట్టింది సరిగ్గా ఆ కడుగుడు అయిపోయిన అరగంటకి. రోజంతా గంటగంటకీ పట్టి కలిపిన శాంపిల్ అయితే ఇంత దెబ్బ కనిపించేది కాదు.

ఇప్పుడు మళ్ళీ భాగించి చూడండి. 1,040ని 1,960తో భాగిస్తే 0.53. అవే నీళ్ళు. రొయ్యల నీళ్ళకి రావాల్సిన అంకె అదే, ముక్కు చెప్పిందీ అదే. ఆ యూనిట్‌కి కావాల్సింది రసాయన ప్లాంటు కాదు. శానిటైజర్ కడుగునీటిని వేరే ట్యాంకులో పట్టి రోజంతా కొంచెం కొంచెంగా వదిలే ఏర్పాటు, దాని తర్వాత గాలి ఊది బ్యాక్టీరియాతో తినిపించే మామూలు ఏరేషన్ ట్యాంకు. ఆ మాత్రం ఉప్పుకి బ్యాక్టీరియా నెమ్మదిగా అలవాటు పడుతుంది. ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితేనే దానికి కష్టం.

అందుకే నా వాదన ఇది: సముద్రం పక్కనున్న విశాఖ లాంటి ఊళ్ళో, క్లోరైడ్ అంకె, బాటిల్ వారీగా బీఓడీ లెక్క జతచేయకుండా ఈ నిష్పత్తిని రిపోర్టులో రాయకూడదు. రాసినా దాన్ని బట్టి డబ్బు ఖర్చుపెట్టకూడదు. రెండూ ల్యాబ్ దగ్గర ఎలాగూ ఉండాల్సిన వివరాలే. అడగనందువల్లే అవి కాగితం మీదికి రావు.

పరవాడ వైపు మందుల పరిశ్రమల నీళ్ళకైతే జాగ్రత్త ఇంకో దిక్కున పడాలి. అక్కడ నిష్పత్తి నిజంగానే తక్కువ ఉండొచ్చు, ఉన్నదానికంటే మెరుగ్గానూ కనిపించొచ్చు. మందుల తయారీలో వాడే పిరిడిన్ లాంటి ద్రావకాన్ని డైక్రోమేట్ దాదాపు ముట్టుకోదు. నీళ్ళలో ఉన్నా సీఓడీలో కనిపించదు. సీఓడీ అంటే మొత్తం కాలుష్యం అనుకునేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. ఇంకో సంగతి, మురుగునీరు కలిపితే నిష్పత్తి ఇట్టే పెరుగుతుంది. సీఓడీ 8,000, బీఓడీ 800 ఉన్న 100 కిలోలీటర్ల నీళ్ళ నిష్పత్తి 0.1. దానికి సీఓడీ 500, బీఓడీ 250 ఉన్న మురుగునీరు 1,600 కిలోలీటర్లు కలిపితే 0.3 అవుతుంది. అంకె మూడింతలైంది కానీ, పరిశ్రమ నుంచి వచ్చిన మొండి పదార్థంలో ఒక్క కిలో కూడా తగ్గలేదు. అందుకే కలపకముందు, ఒక్కో లైన్ దగ్గర విడివిడిగా పట్టిన శాంపిల్ నిష్పత్తినే నేను నమ్ముతాను.

రొయ్యల యూనిట్ యజమాని నుంచి ప్లాంటు మొదలైన కొన్ని నెలలకి ఫోన్ వచ్చింది. బయటికి పోయే నీళ్ళ రిపోర్టు వచ్చిందట, నిష్పత్తి 0.15. "మళ్ళీ మొదటికొచ్చిందా సార్?" అని టెన్షన్ పడుతున్నారు. అంకెలు చదవమన్నాను. సీఓడీ 160, బీఓడీ 24. తినగలిగిందంతా బ్యాక్టీరియా లోపలే తినేసింది, తినలేని కొంచెం మిగిలింది. శుద్ధి అయిన నీటిలో నిష్పత్తి పడిపోవాలి, పడిపోయింది. ఆయన్ని నేను అడిగింది ఒక్కటే, ఈ 160 తీసేటప్పుడు క్లోరైడ్‌కి సరిపడా మెర్క్యురిక్ సల్ఫేట్ వేశారా అని. సముద్రంలోకి వదిలే నీటికి సీఓడీ పరిమితి 250. కట్టుబడని ఉప్పు ఒక్కటే 450 చూపించగలదు కాబట్టి, బాగా నడుస్తున్న ప్లాంటు కూడా కాగితం మీద ఫెయిలవుతుంది. క్లోరైడ్‌కి పదింతల బరువు వేశామని ల్యాబ్‌వాళ్ళు వర్క్‌షీట్‌లో రాశారని చెప్పారు. ట్యూబులో తెల్లని అవక్షేపం పడలేదని కూడా రాశారట.