సెప్సిస్ సిమ్యులేషన్‌లో అసలు పరీక్ష రెండో ఫోన్ కాల్

ఇన్ఫెక్షన్ ఒంటినంతా దెబ్బతీసి ప్రాణం మీదకు తెచ్చే స్థితి సెప్సిస్. నర్సింగ్ కాలేజీల స్కిల్ ల్యాబుల్లో దాని పాఠం మామూలుగా ఇలా సాగుతుంది. మంచం మీద బొమ్మ ఉంటుంది. మానిటర్ మీద జ్వరం 39.5, పల్స్ 130, బీపీ 80 కనిపిస్తాయి. విద్యార్థి చూడగానే "సెప్సిస్ మేడమ్" అంటుంది. ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టర్ పాత్రలో ఉన్న ట్యూటర్ "వెంటనే వస్తున్నా" అంటారు. చెక్‌లిస్టులో టిక్కులు పడతాయి, బ్యాచ్ మొత్తం పాస్ అవుతుంది. ఇందులో తొలి దశ లేదు, గుర్తించడం లేదు. పేషెంట్ అప్పటికే షాక్‌లో ఉంది. పైగా ఒక్క ఫోన్‌కే కదిలివచ్చిన ఆ డాక్టర్ రాత్రి ఒంటిగంటకు ఏ వార్డులో దొరుకుతాడో ట్యూటర్లకే తెలియాలి.

తొలి ఫోన్ ఫలించే సినారియో పిల్లలకు ఏమీ నేర్పదు. సెప్సిస్ సిమ్యులేషన్ తయారుచేసేవాళ్లు మొదటి ఫోన్ విఫలమయ్యేలా రాయాలి, రెండో ఫోన్ మీద మార్కులు వేయాలి. మిగతాదంతా అక్కడికి చేర్చే మెట్లే.

ఒక కేసు తీసుకుందాం. ఫీమేల్ మెడికల్ వార్డు, రాత్రి డ్యూటీ. 56 ఏళ్ల మహిళ, 60 కిలోలు, షుగర్, బీపీ ఉన్నాయి. మూత్రంలో మంట, నడుం నొప్పి, చలిజ్వరంతో పొద్దున చేరింది. అప్పుడు బీపీ 146/88. టైంటేబుల్‌లో దీనికి "సెప్సిస్ సిమ్యులేషన్" అని పేరు పెట్టకూడదు. పెడితే విద్యార్థులు లోపలికి వచ్చే ముందే జవాబు జేబులో పెట్టుకుని వస్తారు. "రాత్రి డ్యూటీ, బెడ్ నంబర్ 9" అంటే చాలు.

రాత్రి పదింటి చార్టులో శ్వాస 20, ఆక్సిజన్ సాచురేషన్ 96, బీపీ 118/74, పల్స్ 98, టెంపరేచర్ 38.2, మెలకువ బాగుంది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన న్యూస్-2, అంటే ఈ కొలతలకు పాయింట్లు వేసి పేషెంట్ ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే స్కోరు ప్రకారం ఇది 2. పారాసిటమాల్ ఇచ్చారు. పన్నెండింటికి మన విద్యార్థి చేతికి పేషెంట్ వస్తుంది. ఇప్పుడు టెంపరేచర్ 37.4. జ్వరం తగ్గిందని అటెండెంట్లు కూడా కాస్త కుదుటపడ్డారు. సాచురేషన్ 95, బీపీ 104/62, పల్స్ 112. శ్వాస మాత్రం ఎవరూ చెప్పరు, మానిటర్ మీదా ఉండదు. విద్యార్థి లెక్కపెడితే 24 వస్తుంది.

అసలు వల ఇక్కడ ఉంది. వార్డుల్లో శ్వాస సంఖ్యను నిమిషంపాటు లెక్కపెట్టడం అరుదు. పై గడిలో 20 ఉంటే కింద గడిలోనూ 20 పడుతుంది. ఈ కేసులో విద్యార్థి అలా 20 అని కాపీ చేస్తే స్కోరు 4. నిజంగా లెక్కపెట్టి 24 రాస్తే 6. న్యూస్-2లో 5 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అత్యవసరంగా డాక్టర్ వచ్చి చూడాలి, 4 దగ్గర ఆగితే నర్సు స్థాయిలో గమనిస్తే సరిపోతుంది. ఒక కాపీ కొట్టిన అంకె పేషెంట్‌ను గీతకు ఇవతల ఉంచేస్తుంది. సినారియోలో అంకెలు ఎంచుకునేటప్పుడు ఇంత లెక్క చూసుకోవాలి. ఏ కొలత వదిలేస్తే తీర్పు తారుమారవుతుందో ఆ కొలతనే దాచాలి.

ఇంకొందరు టీచర్లు క్యూ-సోఫా అనే చిన్న స్కోరు నేర్పుతారు. 22 లేదా అంతకన్నా ఎక్కువ శ్వాస, 100 లేదా అంతకన్నా తక్కువ పై బీపీ, స్పృహలో తేడా. మూడింటిలో రెండు ఉండాలి. మన పేషెంట్‌కు పన్నెండింటికి పైకి ఒక్కటే కనిపిస్తుంది. అంటే క్యూ-సోఫా ఒక్కదాన్నే నమ్ముకున్న విద్యార్థి కూడా నిశ్చింతగా కూర్చుంటుంది. దాన్ని ఒక్కదాన్నే స్క్రీనింగ్‌కు వాడొద్దని సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ 2021 మార్గదర్శకాల్లో చెప్పింది కూడా. 146 ఉన్న బీపీ 104కు రావడం ఏ స్కోరులోనూ పూర్తిగా కనిపించదు. కేస్ షీట్ వెనక్కి తిప్పి చూసినవాళ్లకే కనిపిస్తుంది. కాబట్టి కేస్ షీట్ బెడ్ దగ్గర కాకుండా నర్సుల టేబుల్ మీద పెట్టండి. లేచి వెళ్లి చూస్తుందో లేదో తెలుస్తుంది.

దీనికి లక్షల రూపాయల బొమ్మ అక్కర్లేదు. సీనియర్ విద్యార్థి ఒకరు దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. ఫోన్‌లో మెట్రోనోమ్‌ను నిమిషానికి 48కి పెట్టి, ఇయర్‌ఫోన్‌లో వింటూ ఒక టిక్కుకు పీల్చి మరో టిక్కుకు వదిలితే శ్వాస కచ్చితంగా 24 అవుతుంది. లోతుగా పీల్చొద్దని ముందే చెప్పాలి, లేకపోతే పది నిమిషాల్లో ఆ అమ్మాయికే కళ్లు తిరుగుతాయి. బీపీ, పల్స్ అంకెలు చీటీల మీద రాసి, విద్యార్థి నిజంగా కఫ్ కట్టినప్పుడు, చెయ్యి పట్టుకున్నప్పుడు మాత్రమే ఇవ్వాలి. యూరిన్ బ్యాగులో టీ డికాక్షన్ రంగు నీళ్లు 50 ఎంఎల్ పోసి పెట్టండి. మూడు గంటల క్రితం ఖాళీ చేసినట్టు చార్టులో ఉండాలి. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 ఎంఎల్ లెక్కన 90 ఉండాల్సింది. బ్యాగు వైపు వంగి చూసేవాళ్లు ఎందరో మీకే ఆశ్చర్యం వేస్తుంది.

పక్కనే కూతురి పాత్ర. ఆమెకు రాసివ్వాల్సింది ఒక్క మాట: "సిస్టర్, అమ్మ నన్ను మా పిన్ని పేరుతో పిలుస్తోంది." ఒక్కసారే అనాలి, గట్టిగా కాదు. విద్యార్థి వచ్చి "అమ్మా, మీ పేరేంటి?" అంటే పేషెంట్ సరిగ్గానే చెబుతుంది. ఈ రోజేమిటి, ఎక్కడున్నారు అని అడిగితేనే తడబడుతుంది. కొత్తగా వచ్చిన అయోమయానికి న్యూస్-2లో ఏకంగా 3 పాయింట్లు. అంటే కూతురి మాట విని సరైన ప్రశ్న అడిగినవాళ్లకు స్కోరు 6 కాదు, 9. అది ఎమర్జెన్సీ.

ఇప్పుడు ఫోన్. అవతల డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్. విద్యార్థి ఎంత చక్కగా పరిస్థితి, నేపథ్యం, అంచనా, తనకు కావలసింది వరసగా చెప్పినా జవాబు ముందే రాసి ఉంది: "క్యాజువాలిటీలో ఉన్నా సిస్టర్. జ్వరం తగ్గిందిగా? ఒక సెలైన్ పెట్టండి, పొద్దున రౌండ్స్‌లో చూద్దాం." ఎవరినీ తిట్టే గొంతు కాదు, అలసిపోయిన గొంతు. తిట్టే డాక్టర్‌ను ఎదిరించడం కొందరికి సులువే, కోపం సాయం చేస్తుంది. మర్యాదగా తోసిపుచ్చే డాక్టర్ దగ్గరే అందరూ "సరే సార్" అని ఫోన్ పెట్టేస్తారు.

సినారియో గుండె ఈ "సరే సార్" తర్వాతి ఐదు నిమిషాలు. సెలైన్ పెట్టి, చార్టులో "డ్యూటీ డాక్టర్‌కు తెలియజేశాము" అని రాస్తే తన పని అయిపోయిందని విద్యార్థి అనుకుంటుంది. కాగితం దృష్టిలో నిజంగానే అయిపోయింది. ఆగకుండా పేషెంట్‌ను మళ్లీ చూస్తే శ్వాస 28, సాచురేషన్ 93, బీపీ 94/56, పల్స్ 124, మాట ముద్దగా ఉంది. టెంపరేచర్ ఇప్పటికీ 37.2. స్కోరు 12. రెండో ఫోన్‌లో "పేషెంట్ బాగోలేదు సార్" అంటే అదే జవాబు మళ్లీ రావాలి. "స్కోరు పన్నెండు, బీపీ పడిపోతోంది, సెప్సిస్ అని నా అనుమానం, పది నిమిషాల్లో మీరు రావాలి, లేదంటే సీనియర్ రెసిడెంట్‌కు చేస్తాను" అంటేనే తలుపు తెరుచుకోవాలి. లేదా గోడ మీది నంబర్ల కాగితం చూసి నేరుగా ఐసీయూకు ఫోన్ చేసినా సరే. ఆ కాగితం గోడ మీద ఉండాలి, ఎవరూ వేలు పెట్టి చూపించకూడదు. సాయం బయల్దేరిందన్న మాటతో సినారియో ముగించేయాలి. లాక్టేట్, బ్లడ్ కల్చర్, యాంటీబయాటిక్ వరస వేరే క్లాసులో చెప్పుకోవచ్చు. ఇక్కడ అది కలిపితే పిల్లల కళ్లు ట్రే మీదకు పోతాయి.

మూడో సంవత్సరం పిల్లలను ఇలా ఇరకాటంలో పెడితే బెదిరిపోతారని, ముందు సాఫీగా జరిగే సినారియోలు చేయించాలని కొందరు అనుభవజ్ఞులైన టీచర్లు అంటారు. అందులో కొంత నిజముంది. అందుకే మొదలుపెట్టే ముందే "ఫోన్‌లో అవతలి వ్యక్తి మీతో ఒప్పుకోకపోవచ్చు" అని చెప్పాలి, ఆ రోజు ఇంటర్నల్ మార్కులు రికార్డులోకి ఎక్కించకూడదు. కానీ సాఫీ సినారియోల్లో మాత్రమే తిరిగిన అమ్మాయి మొదటిసారి ఈ ఇరకాటాన్ని నిజమైన పేషెంట్ పక్కన చూస్తుంది. అక్కడ బెదిరిపోవడం ఎవరికి మంచిది?

తర్వాతి చర్చకు సినారియోకన్నా రెట్టింపు సమయం ఇవ్వాలి. "ఎందుకు మళ్లీ చేయలేదు?" అని అడిగితే తల దించుకుంటారు. "ఆయన పొద్దున చూద్దామన్నాక నువ్వు చార్ట్ రాయడం గమనించాను. ఆ క్షణంలో నీ మనసులో ఏముంది?" అని అడిగితే నోరు విప్పుతారు. వచ్చే జవాబులు ఊహించగలిగినవే. సార్ చెప్పారు కదా. ఇంకోసారి చేస్తే విసుక్కుంటారు. పైవాళ్లకు చేస్తే ఆయన మీద కంప్లైంట్ చేసినట్టు అవుతుంది. వాళ్లకు పాథోఫిజియాలజీ వచ్చు. ఎవరికి ఎదురు చెప్పొచ్చో రాదు.

ఎందుకు వస్తుంది? డాక్టర్ వార్డులోకి రాగానే లేచి నిలబడటం మనం మొదటి నెలలోనే నేర్పుతాం. నిరుడే చదువు ముగించిన హౌస్ సర్జన్‌ను ఇరవై ఏళ్ల సర్వీసున్న స్టాఫ్ నర్సు "సార్" అంటుంది. రికార్డు బుక్కుల్లో బొమ్మలు నీట్‌గా లేవని మార్కులు కోస్తాం, చార్టును ఇన్‌స్పెక్షన్‌కు చూపించే వస్తువుగా అలవాటు చేస్తాం. నాలుగేళ్లు విధేయతకు మార్కులు వేసి, ఒక్క రాత్రి ధైర్యం ఆశిస్తాం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో నోటిఫై చేసిన కొత్త బీఎస్సీ సిలబస్‌లో సిమ్యులేషన్‌కు చోటు దొరికింది. ఆ చోటును కూడా ఇదే విధేయతతో నింపితే కొన్నది బొమ్మలే.

ఇది మన దగ్గరి జబ్బే అనుకోనక్కర్లేదు. 2021లో లండన్‌లో పదమూడేళ్ల మార్తా మిల్స్ సెప్సిస్‌తో చనిపోయింది. ఆమెను ముందే ఐసీయూకు మార్చి ఉంటే బహుశా బతికేదని విచారణలో తేలింది. తల్లిదండ్రులు ఆందోళన చెబుతూనే ఉన్నారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో 2024 నుంచి "మార్తా రూల్" అమలు మొదలైంది. కుటుంబమైనా, జూనియర్ సిబ్బందైనా తమ వార్డు డాక్టర్లను దాటి, రాత్రైనా పగలైనా వేరే క్రిటికల్ కేర్ బృందాన్ని నేరుగా పిలవొచ్చు. దాటి పిలవడాన్ని అవిధేయత కాదని నియమంగా రాసిపెట్టారు. మన ఆసుపత్రుల్లో అలాంటి నంబరు గోడ మీదకు రావాలంటే, దాన్ని డయల్ చేయడం అలవాటైన తరం ముందు ల్యాబుల్లో తయారవ్వాలి.

ఒక మార్పు మాత్రం వెంటనే చేయొచ్చు. నర్సింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ ఒకే ప్రాంగణంలో ఉన్నచోట ఫోన్ ఎత్తే పాత్ర ట్యూటర్‌కు ఇవ్వొద్దు. పక్క గదిలో ఒక ఎంబీబీఎస్ ఫైనలియర్ విద్యార్థిని కూర్చోబెట్టండి, అతనికి స్క్రిప్ట్ ఇవ్వకండి. అదే సమయంలో మరో రెండు వార్డుల నుంచి ఫోన్లు వచ్చేలా చూడండి, ఒకటి డ్రిప్ ఊడిందని, ఇంకోటి అటెండెంట్ గొడవ అని. బెడ్ నంబర్ 9కి అతను ఎన్నో ఫోన్‌కు లేస్తాడో, ఏ మాట విని లేస్తాడో రాసుకోండి. తర్వాత ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి రికార్డింగ్ వినిపించండి.