‘ఓకే’ అన్నారు సరే, దేనికి?

మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు లిఫ్టు గురించి నలభై ఫ్లాట్లకూ ఒక లేఖ రాశాను. ఆ లేఖ ఇది.

“మన లిఫ్టు 2007లో బిగించినది. ఏడాదిగా తరచూ ఆగిపోతున్న సంగతి అందరికీ తెలిసిందే. పోయిన నెల మూడో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ ఇరవై నిమిషాలు లోపలే చిక్కుకుపోయారు. మెయింటెనెన్స్ వారిని పిలిపించగా కంట్రోలర్ పాతదని, ఆ మోడల్ విడిభాగాలు ఇప్పుడు దొరకడం లేదని చెప్పారు. కంట్రోలర్, రోప్‌లు, గ్రిల్ తలుపు మారిస్తే 7.2 లక్షలు, పూర్తిగా కొత్త లిఫ్టుకైతే 14 లక్షలు అవుతుందని అంచనా ఇచ్చారు. కార్పస్ ఫండ్‌లో 6 లక్షలు ఉన్నాయి కానీ బోరు పని కూడా ముందుంది. మిగిలే మొత్తాన్ని ఫ్లాట్లన్నీ సమానంగా భరించేలా త్వరలో నిర్ణయం తీసుకోవాల్సి ఉంది. అందరూ సహకరించగలరు.”

ఇందులో అబద్ధం లేదు, అనవసరమైన మాట కూడా పెద్దగా లేదు. వాట్సాప్‌లో పెట్టిన గంటలోనే బొటనవేలి గుర్తులు వచ్చాయి. కొందరు “ఓకే” అన్నారు, ఇంకొకరు “మంచి నిర్ణయం” అన్నారు. ఏ నిర్ణయం? మరమ్మతుకా, కొత్త లిఫ్టుకా? ఆ “ఓకే” పట్టుకుని వర్క్ ఆర్డర్ ఇవ్వడం కుదరదు. ప్రభుత్వ కార్యాలయాల్లోనూ ఇదే జరుగుతుంది. నోట్ ఫైలు పేజీల కొద్దీ పూర్వాపరాలు చెప్పి “ఉత్తర్వుల కోసం సమర్పించడమైనది” అని ముగిస్తే, పై అధికారి “చర్చించండి” అని రాసి వెనక్కి పంపుతారు. తనను ఏం అడుగుతున్నారో ఆయనకు అర్థం కాలేదని దాని భావం. రాసింది పని చేసిందో లేదో వచ్చిన జవాబును బట్టే తెలుస్తుంది. దాన్ని చూసి తర్వాతి పని మొదలుపెట్టలేకపోతున్నామంటే, మనం సమాచారమైతే ఇచ్చాం కానీ ప్రశ్న మాత్రం వేయలేదు.

నా లేఖను మళ్లీ ముందు పెట్టుకుని ఒక్కో వాక్యం పక్కన ఒకే ప్రశ్న రాసుకున్నాను: ఇది చదివినవాళ్లు తెలుసుకుంటే చాలా, లేక జవాబు చెప్పాలా? ఎనిమిది వాక్యాల్లో ఆరు తెలుసుకునేవే. చివరిది మర్యాద. జవాబు అడగాల్సిన వాక్యం ఏడోది ఒక్కటే. అది కూడా “తీసుకోవాల్సి ఉంది” అని ముగిసింది. తెలుగులో ఈ “-వాల్సి ఉంది” చాలా సౌకర్యమైన ముగింపు. పని చెబుతుంది, చేయాల్సినవాళ్లను చెప్పదు. నిర్ణయం తీసుకోవాల్సింది కమిటీయా, సర్వసభ్య సమావేశమా, చదువుతున్న మీరా? కర్త లేని వాక్యాన్ని ప్రతి ఒక్కరూ పక్కింటివాళ్లకు వదిలేస్తారు. అందుకే పేరాలో మొదట వెతకాల్సింది ఇలాంటి క్రియలనే: పరిశీలించాల్సి ఉంది, ఆలోచించాలి, చూసి చెప్పగలరు. ప్రతిదాని ముందూ “ఎవరు?”, వెనక “ఎప్పటిలోగా?” అని రాసుకుంటే దాగి ఉన్న ప్రశ్న బయటికి వస్తుంది.

అలా వెతుకుతున్నప్పుడే అసలు తప్పు కనబడింది. “ఫ్లాట్లన్నీ సమానంగా” అని అలవోకగా రాసేశాను. మాది గ్రౌండ్‌తో కలిపి ఐదు అంతస్తులు, అంతస్తుకు ఎనిమిది ఫ్లాట్లు. లిఫ్టు ఎక్కని గ్రౌండ్ ఫ్లోర్‌వాళ్లు డబ్బు కట్టాలా వద్దా అన్నది ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా గట్టిగా వాదించుకునే విషయం. దాన్ని నేను ఒక్క క్రియావిశేషణంతో, ఎవరినీ అడగకుండా తేల్చేశాను. పొడవైన పేరాలో నిజంగా ప్రమాదకరమైనది ఇదే. అందులో అడగని నిర్ణయాలు కూడా ఉంటాయి, రాసినవాడికి కూడా తెలియకుండా. “సమానంగా”, “యథాప్రకారం”, “ఎప్పటిలాగే” అన్న మాటలు కనిపించిన చోట ఆగి చూడాలి.

రెండోసారి పంపిన లేఖ ఇలా మొదలైంది:

“లిఫ్టు విషయంలో మూడు ప్రశ్నలకు ఫ్లాటు యజమానుల జవాబు కావాలి. 20వ తేదీ ఆదివారంలోగా ఫ్లాటు నంబరు, మీ ఎంపిక రాసి పంపండి.

1. మరమ్మతా, కొత్తదా? (అ) కంట్రోలర్, రోప్‌లు, తలుపు మార్చడం: 7.2 లక్షలు. పాత క్యాబిన్, గైడ్ రెయిల్స్ అలాగే ఉంటాయి. (ఆ) కొత్త లిఫ్టు: 14 లక్షలు. (ఇ) ఇప్పుడేమీ చేయకపోవడం. విడిభాగాలు దొరకవు కాబట్టి, కంట్రోలర్ పూర్తిగా పోయిన రోజున లిఫ్టు ఆగిపోతుంది, లోపల ఎవరైనా చిక్కుకోవచ్చు. ఇప్పటికే ఒకసారి ఇలా జరిగింది. కమిటీ సూచన: (అ).

2. కార్పస్ ఫండ్ నుంచి 3.2 లక్షలు తీయవచ్చా? బోరు కోసం 2.8 లక్షలు మిగులుతాయి. కమిటీ సూచన: తీయవచ్చు.

3. గ్రౌండ్ ఫ్లోర్ కూడా వాటా కట్టాలా? మొదటి రెండింటికీ కమిటీ సూచనే ఖాయమైతే, 40 ఫ్లాట్లూ కడితే ఫ్లాటుకు 10,000 రూపాయలు, 32 మాత్రమే కడితే 12,500. దీనిపై కమిటీ సూచన లేదు.”

కొత్త లిఫ్టే ఎంచుకుంటే ఆ వాటాలు 27,000, 33,750 అవుతాయని కింద ఒక వాక్యంలో రాశాను. ప్రశ్నల వరుస ఊరికే పెట్టింది కాదు. మొదటిది తేలకుండా మిగతా రెండింటిలో అంకెలకు అర్థం లేదు. ఏ కంపెనీ కంట్రోలర్, రోప్ మందం ఎంత అన్నవి ఈ జాబితాలో పెట్టలేదు. అవి ఇంజనీరు చెప్పాల్సినవి. జవాబు చెప్పలేనివాళ్లను అడిగితే చెప్పగలిగిన ప్రశ్నకు కూడా వాళ్లు జవాబు ఇవ్వరు.

మరి నేపథ్యం ఏమైంది? జవాబును మార్చగల వాక్యం మాత్రం ఆ ప్రశ్నలోకే వెళ్లింది. విడిభాగాలు దొరకవన్న సంగతి లేకపోతే (ఇ) చవకైన తెలివైన దారిలా కనిపిస్తుంది. అందుకే అది అక్కడే ఉండాలి. బోరు సంగతి రెండో ప్రశ్నలో చేరింది. బిగించిన సంవత్సరం, అంచనా పత్రాలు, చెడిపోయిన రోజుల వివరాలు కింద వేరుగా పెట్టాను. పెద్దావిడ చిక్కుకుపోయిన సంఘటనను ఎక్కడ ఉంచాలో చాలాసేపు ఆలోచించాను. అది పైన ఉంటే భయంతో జవాబు చెబుతారు, పూర్తిగా తీసేస్తే ఏమీ చేయకపోవడంలోని ప్రమాదం దాచినట్టవుతుంది. చివరికి అదీ (ఇ) పక్కనే, ఒక్క వాక్యంగా, “ఇప్పటికే ఒకసారి ఇలా జరిగింది” అని చేరింది.

పేరాను ప్రశ్నల జాబితాగా మార్చే ఈ పద్ధతికి ఒక లోపం ఉంది, అది చిన్నది కాదు. పేరా అయోమయంగా ఉంటుంది కానీ చదివేవాళ్లను ఎటూ నెట్టదు. జాబితా నెడుతుంది. రెండు దారులే చూపిస్తే మూడోది లేదనుకుంటారు. “ఏమీ చేయకపోవడం” అన్నది కూడా ఒక ఎంపికే కాబట్టి దాని ఫలితంతో సహా రాయడం తప్పనిసరి అనుకుంటాను. “జవాబు రాకపోతే సమ్మతించినట్టే” అన్న వాక్యాన్ని పని జరిగే తేదీల వంటి వాటికి వాడవచ్చు. ఇంటి నుంచి డబ్బు వసూలు చేసే విషయంలో వాడకూడదు. అక్కడ మౌనాన్ని ఒప్పుదలగా రాసుకుంటే వసూళ్ల రోజున గొడవ మొదలవుతుంది.

ఆ ఆదివారానికి 34 ఫ్లాట్ల నుంచి జవాబులు వచ్చాయి. మొదటి రెండు ప్రశ్నలూ దాదాపు ఏకగ్రీవంగా తేలాయి. మూడోదానిపై సగం సగంగా చీలిపోయారు. తర్వాతి సర్వసభ్య సమావేశంలో ఆ ఒక్క విషయమే గంటన్నర సాగింది. నీళ్ల ట్యాంకులు, డాబా అందరివీ అని కొందరు, మేము ఎక్కని లిఫ్టుకు మేమెందుకు కట్టాలని కొందరు. చివరికి గ్రౌండ్ ఫ్లోర్ ఎనిమిది ఫ్లాట్లూ సగం వాటా కట్టేలా ఒప్పుకుని మినిట్స్‌లో సంతకాలు చేశారు.